అసలు నోటీసు స్కాన్ బొమ్మగా, నకిలీ పేజీ చక్కటి యూనికోడ్‌లో: తెలుగు సెర్చ్ గురించి ఒక బహిరంగ లేఖ

సెర్చ్ సంస్థల నాణ్యతా విభాగాలకు, ఆన్‌లైన్ ప్రకటనల నెట్‌వర్క్‌ల నిర్వాహకులకు, కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖకు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఐటీ శాఖల అధికారులకు,

నమస్కారం.

యంత్రాలతో టోకున తయారుచేసిన పేజీలు తెలుగు సెర్చ్ ఫలితాల్లో అసలు మూలాలను కిందికి నెట్టేస్తున్నాయని మీ ఫిర్యాదు ఫారాల ద్వారా పలుమార్లు తెలియజేశాం. అందినట్టు ఒక ఆటోమేటిక్ మెయిల్ తప్ప జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాం.

ముందే ఒక మాట. ఎవరైనా ఏఐ సాయంతో రాసుకోవడాన్ని మేం తప్పుపట్టడం లేదు. గూగుల్ 2023 ఫిబ్రవరిలోనే తనకు కావలసింది నాణ్యత అనీ, అది ఎలా తయారైందన్నది కాదనీ చెప్పింది. 2024 మార్చిలో తెచ్చిన స్పామ్ నిబంధనల్లో, ర్యాంకుల కోసమే కుప్పలుగా పేజీలు పోస్తే అవి మనిషి రాసినా యంత్రం రాసినా దుర్వినియోగమే అని స్పష్టం చేసింది. నిబంధన బాగానే ఉంది. తెలుగు ఫలితాల్లో అది అమలవుతున్న జాడ మాకు కనపడటం లేదు. దానివల్ల మామూలు జనానికి ఏం జరుగుతోందో కింద వరుసగా రాస్తున్నాం.

1. ఎవరూ ప్రకటించని తేదీ నిజమైపోతోంది

ఒక ఉద్యోగ నియామక పరీక్ష సంగతి తీసుకోండి. హాల్ టికెట్లు ఎప్పుడిస్తారో బోర్డు ఇంకా చెప్పలేదు. జనం మాత్రం రోజూ వెతుకుతూనే ఉంటారు. సెర్చ్ పెట్టెలో పరీక్ష పేరు కొడితే కింద వచ్చే సూచనలే పేజీల ఫ్యాక్టరీకి ముడిసరుకు. ఒక స్క్రిప్టు వాటన్నిటినీ ఏరి ఒక షీట్‌లో పెడుతుంది: హాల్ టికెట్ తేదీ, డౌన్‌లోడ్ లింకు, పరీక్ష కేంద్రాలు, పోయినసారి కటాఫ్, కీ. వరుసకు ఒక పేజీ. రాసిపెట్టే ఏఐ భాషా నమూనాకు ఇచ్చే ఆదేశం అన్నిటికీ ఒకటే: ఈ శీర్షికకు ఎనిమిది వందల మాటలు రాయి, మధ్యలో ఒక పట్టిక పెట్టు, చివర ప్రశ్నలు జవాబులు పెట్టు. పట్టికలో ‘విడుదల తేదీ’ అనే గడి ఖాళీగా ఉంటే పేజీకి విలువ లేదు. కాబట్టి గత నోటిఫికేషన్ల తీరును బట్టి నమూనా ‘జూన్ రెండో వారం’ అని నింపి, పక్కన ‘అంచనా’ అని చేరుస్తుంది. ఇంతవరకు అబద్ధమేమీ లేదనే అనుకుందాం.

రెండో సైటు ఈ పేజీనే తన నమూనాకిచ్చి తిరగరాయిస్తుంది. ఆ తిరగరాతలో ‘అంచనా’ రాలిపోతుంది. మూడోది రెండో వారాన్ని ఒక ఫలానా తేదీగా కుదిస్తుంది, ఎందుకంటే తేదీ ఉన్న శీర్షికను ఎక్కువమంది నొక్కుతారు. ఇంకో ఏడెనిమిది సైట్లు ఆ తేదీని ఎత్తుకుంటాయి. సెర్చ్ పేజీ నెత్తిన సారాంశం రాసే యంత్రానికి పది చోట్ల ఒకే తేదీ కనిపిస్తుంది. ఒకే పుకారును పది నోళ్ల వెంట విని పదిమంది సాక్షులున్నారని నమ్మినట్టే అవుతుంది దాని పని. పదింటికీ తల్లి పేజీ ఒకటేననీ, అందులో ఉన్నది అంచనాయేననీ చూసుకునే ఏర్పాటు ఉంటే ఆ తేదీ పైకి రాకూడదు. వస్తోంది.

ఈ పేజీలు పైన నిలబడటానికి ఇంకో కిటుకు ఉంది. లోపల ఒక్క అక్షరం మారకపోయినా రోజూ అర్ధరాత్రి దాటగానే స్క్రిప్టు అన్ని పేజీలకూ చివరి సవరణ తేదీని, అంటే `dateModified`ను, మార్చేస్తుంది. దాన్ని పట్టుకోవడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. సైటు పేరు చివర `/sitemap.xml` చేర్చి తెరిస్తే చాలా సైట్లలో పేజీల జాబితా ఇలా కనపడుతుంది, అందులో `lastmod` అంటే చివరి సవరణ తేదీ:

```
<url><loc>https://example.in/hall-ticket-date/</loc>
<lastmod>2025-06-11T00:05:01+05:30</lastmod></url>
<url><loc>https://example.in/hall-ticket-link/</loc>
<lastmod>2025-06-11T00:05:01+05:30</lastmod></url>
```

వందల పేజీలు ఒకే సెకనులో ‘సవరణ’ అయ్యాయంటే అది సంపాదకుడి పని కాదు. `lastmod` నిజమని తేలినప్పుడే లెక్కలోకి తీసుకుంటామని గూగుల్ పత్రాల్లోనే ఉంది. ఆ పరీక్ష తెలుగు సైట్లకూ పెట్టమనే అడుగుతున్నాం.

నష్టం ఎవరిది? అవనిగడ్డలోనో అశోక్‌నగర్‌లోనో గది తీసుకుని చదువుకునేవాళ్లు సెలవులు, రైలు టికెట్లు, గది ఖాళీ చేసే రోజు ఆ తేదీని బట్టే పెట్టుకుంటారు. తేదీ తప్పిందని తెలిశాక కూడా ఆ పేజీ ఊరుకోదు. ఆ తేదీకి ఇంకో పది రోజులు కలిపి మళ్లీ పైకొస్తుంది. అందులోని ‘డౌన్‌లోడ్’ బటన్ చాలాసార్లు ప్రకటనకో, ఫోన్ నంబర్ అడిగే ఫారానికో తీసుకుపోతుంది. ఆ నంబర్ ఇచ్చినవాళ్లకు ‘జాబ్ కన్సల్టెన్సీ’ ఫోన్లు ఎక్కడినుంచి మొదలయ్యాయో అర్థం కాదు.

2. అసలు సమాచారం యంత్రం కంటికి కనపడటం లేదు

ఇంగ్లిష్‌లోనూ ఈ చెత్త ఉంది. కానీ అక్కడ ప్రతి విషయానికీ పోల్చి చూసుకోవడానికి నిజమైన పేజీలు వేలల్లో ఉంటాయి. తెలుగులో ఆ పోలిక సరుకే తక్కువ. ఉన్నది కూడా యంత్రం చదవలేని రూపంలో ఉంది. ఇందులో ప్రభుత్వ శాఖల బాధ్యత తక్కువేమీ కాదు.

శాఖలు పెట్టే తెలుగు ఉత్తర్వులు, ప్రకటనల్లో చాలావరకు రెండు రకాలు. ఒకటి, సంతకం పెట్టి ముద్ర వేసిన కాగితాన్ని స్కాన్ చేసిన పీడీఎఫ్. అది బొమ్మ, అందులో అక్షరాలు లేవు. రెండోది, ‘అను’ వంటి పాత ఫాంట్లలో కంపోజ్ చేసిన పీడీఎఫ్. చూపుకు తెలుగే. కానీ ఆ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాల్లో తెలుగు ఆకారాలు పెట్టుకున్నాయి. యూనికోడ్‌లో తెలుగుకు U+0C00 నుంచి U+0C7F వరకు ఇచ్చిన స్థానాలు వాటికి పట్టవు. సెర్చ్ క్రాలర్ ఆకారాన్ని కాదు, కోడ్‌ను చదువుతుంది. దానికి ఆ పీడీఎఫ్ నిండా అర్థంలేని గుర్తులే. అధికారులు ఒక్కసారి పరీక్షించుకోవచ్చు: మీ శాఖ సైటులోని పీడీఎఫ్ తెరిచి ఒక వరుస కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. తెలుగు రాకపోతే, సెర్చ్‌లో ఆ ఉత్తర్వు లేనట్టే. చాలా ఈ-పేపర్ల పుటలదీ ఇదే కథ.

ఇటువైపు జనరేట్ చేసిన పేజీ ఉంది. శుభ్రమైన యూనికోడ్, ప్రశ్న రూపంలో శీర్షిక, పట్టిక, ఫోన్‌లో వెంటనే తెరుచుకునే తేలిక. యంత్రం దాన్నే ఎంచుకోవడంలో ఆశ్చర్యం లేదు. అమెజాన్ పరిశోధకులు పాల్గొన్న ఒక అధ్యయనం 2024లో తేల్చింది కూడా ఇదే బాపతు సంగతి. వెబ్‌లో అనేక భాషల్లో ఒకేసారి కనిపించే పాఠ్యం చాలావరకు యంత్రానువాదమేననీ, వెబ్ సరుకు తక్కువున్న భాషల్లో మొత్తంలో దాని వాటా ఇంకా పెద్దదనీ. తెలుగు వికీపీడియా వాళ్లకు ఈ బాధ పాతదే. గూగుల్ అనువాద ఉపకరణంతో వచ్చిపడ్డ వ్యాసాలకు వాళ్లు ఒక వర్గమే పెట్టి మోయాల్సి వచ్చింది. అప్పుడు అది ఒక్క సైటు తలనొప్పి. ఇప్పుడు మొత్తం ఫలితాల పేజీది.

3. పొలంలో మందు మోతాదు మారిపోతోంది

తేదీ తప్పితే రైలు టికెట్ పోతుంది. పురుగుమందు విషయంలో పోయేది వేరు.

కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ వాడకూడదని 2005లోనే నిషేధం వచ్చింది. అంతకుముందు అచ్చయిన సిఫార్సులు మాత్రం పాత పుస్తకాలు, కరపత్రాల రూపంలో వెబ్‌లో ఇంకా తిరుగుతున్నాయి. మనిషి చదివితే ముద్రణ సంవత్సరం చూస్తాడు. టోకు రాతకు సంవత్సరంతో పని లేదు. పాతదీ కొత్తదీ కలిపి ‘టమాటాలో పురుగు నివారణకు ఐదు మందులు’ అని ఒకే వరుసలో పెడుతుంది.

ఇంకాస్త కనపడని తప్పు శాతాలది. ఇమిడాక్లోప్రిడ్ మార్కెట్లో 17.8 శాతం ద్రవంగానూ దొరుకుతుంది, 70 శాతం గుళికలుగానూ దొరుకుతుంది. రెండోదాంట్లో అసలు మందు దాదాపు నాలుగు రెట్లు. పేజీలో శాతం ఎగిరిపోయి ‘ఇమిడాక్లోప్రిడ్ లీటరు నీటికి ఇంత’ అని మాత్రమే మిగిలితే, ద్రవానికి చెప్పిన మోతాదును రైతు గుళికలకు వాడతాడు. పంటకు పడేది నాలుగింతలు. లేదంటే అటుదిటుగా నాలుగో వంతే పడి పురుగు చావదు, మందు పనిచేయలేదని రెండోసారి కొడతాడు. రెండు దారుల్లోనూ ఖర్చు రైతుదే, ఒళ్లూ రైతుదే.

నమ్మదగిన సిఫార్సులో శాతం, రూపం, ఎకరాకు ఎంత నీరు, కోతకు ఎన్నాళ్ల ముందు ఆపాలి, ఏ సంస్థ ఏ ఏడు చెప్పింది అన్నవి ఉంటాయి. టోకు పేజీల్లో సాధారణంగా మొదట ఎగిరిపోయేది కోత ముందు విరామం. ఎందుకంటే దాని గురించి ఎవరూ వెతకరు, సూచనల్లో రాదు, షీట్‌లో దానికి వరుస ఉండదు. వాయిస్ సెర్చ్‌లో వినే రైతుకు ఏ సైటు చెబుతోందో కూడా వినపడదు. డబ్బా మీది లేబుల్ చూడండి, 1800-180-1551 కిసాన్ కాల్ సెంటర్‌కు అడగండి అని మేం ఎంత రాసినా, ఆ రాత ఉన్న పేజీ ఐదో స్థానంలో ఉంటే ఉపయోగం లేదు.

4. రాసేవాళ్లు సైట్లు మూసుకుంటున్నారు

అమెరికాలో 900 మంది 2025 మార్చి బ్రౌజింగ్‌ను ప్యూ రీసెర్చ్ సెంటర్ పరిశీలించింది. ఏఐ సారాంశం ఉన్న సెర్చ్‌లలో 8 శాతం సార్లే కింది లింకులు నొక్కారు. సారాంశం లేనప్పుడు 15 శాతం. సారాంశం లోపల చూపిన మూలాన్ని నొక్కింది 1 శాతం. తెలుగు ప్రకటన రేట్ల మీద బతికే సైటుకు ఈ సగం కోత అంటే విలేకరి జీతం.

వద్దనుకుంటే తప్పుకునే దారి ఉందా? సైటు `robots.txt` ఫైల్లో పెట్టుకోవడానికి ఉన్న ఏర్పాటు ఇదీ:

```
User-agent: Google-Extended
Disallow: /
```

ఇది పెడితే మా రాతలు గూగుల్ ఏఐ జెమిని శిక్షణకు వెళ్లవు. సెర్చ్ పైన వచ్చే ఏఐ సారాంశానికి మాత్రం వెళ్తాయి, ఎందుకంటే అది గూగుల్ మామూలు సెర్చ్ క్రాలర్ `Googlebot` తెచ్చిన సరుకుతోనే తయారవుతుంది. దానికి దొరక్కూడదంటే పేజీలో `<meta name="robots" content="nosnippet">` పెట్టాలి. అప్పుడు మామూలు ఫలితం కింద వచ్చే రెండు వరుసల వివరణ కూడా పోతుంది, ఉన్న కాసిని క్లిక్కులూ పోతాయి. అంటే ఊరికే ఇచ్చెయ్యడమో, కనపడకుండా పోవడమో. దీన్ని ఎంపిక అనలేం.

పైగా `robots.txt` ఒక వినతి మాత్రమే, తలుపు గడియ కాదు. పేరు మార్చుకుని వచ్చే బాట్లు, అంటే పేజీలు ఎత్తుకుపోయే ప్రోగ్రాములు, దాన్ని చదవను కూడా చదవవు. వికీమీడియా ఫౌండేషన్ 2025 ఏప్రిల్‌లో చెప్పినదాని ప్రకారం, వాళ్లకు అత్యంత ఖరీదైన ట్రాఫిక్‌లో 65 శాతం బాట్లదే. అంత సంస్థకే అలా ఉంటే నెలకు కొద్ది వందల రూపాయల షేర్డ్ హోస్టింగ్ మీద నడిచే తెలుగు సైటు సంగతి ఊహించండి. బాట్లు మనుషులు చూడని మూలలు తవ్వుతాయి: ట్యాగ్ పేజీలు, 2014 నాటి ఆర్కైవ్‌లు, సైటు లోపలి సెర్చ్. వీటికి ముందే తయారుచేసి దాచిన నకలు, అంటే క్యాష్, ఉండదు. ప్రతిదానికీ డేటాబేస్ కదలాలి. కాసేపటికి హోస్టింగ్ హద్దు దాటి `508 Resource Limit Is Reached` అని వస్తుంది.

ఇక్కడే అసలు అన్యాయం ఉంది. సర్వర్ ఇలా 5తో మొదలయ్యే ఎర్రర్ కోడ్‌లు ఇస్తుంటే సెర్చ్ క్రాలర్ రావడం తగ్గిస్తుంది. మంచి ఉద్దేశంతోనే, సైటు మీద భారం తగ్గించడానికి. దాంతో పొద్దున మేం పెట్టిన వార్త ఆలస్యంగా ఇండెక్స్‌లోకి ఎక్కుతుంది. ఈలోపు బాట్ దాన్ని ఎత్తుకుపోయి తిరగరాయించి, వేగంగా ఉండే సర్వర్ మీద పెట్టిన కాపీ ముందే ఎక్కేస్తుంది. సెర్చ్ లెక్కలో మొదట చెప్పింది వాళ్లు, కాపీ కొట్టింది మేము.

5. డబ్బు దారి బహిరంగంగానే ఉంది

2018లో గూగుల్ ప్రకటనల సేవ యాడ్‌సెన్స్ తెలుగును చేర్చుకుంది. మంచి తెలుగు సైట్లకు అది ఊపిరి పోసింది. ఫ్యాక్టరీలకూ అదే ఇంధనం. కానీ ఆ ఇంధనానికి మీటరు ఉంది. ప్రతి సైటు తన `ads.txt`లో తన ఖాతా నంబరు రాసి పెడుతుంది:

```
google.com, pub-0000000000000000, DIRECT, f08c47fec0942fa0
```

వేర్వేరు పేర్లతో ఉన్న సైట్లు ఒకే `pub-` నంబరును `DIRECT` అని వాడుతుంటే వాటి వెనక ఉన్నది చాలావరకు ఒకే చేయి. ఒక సైటును ఫలితాల్లోంచి తీసేస్తే కొత్త డొమైన్ మీద అదే సరుకు మర్నాడు లేస్తుంది. ఖాతా ఆగితే లేవదు.

రాత యంత్రానిదో కాదో పట్టే డిటెక్టర్లు పెట్టి ఏరేస్తామని కొందరు అంటున్నారు. దయచేసి ఆ దారి వద్దు. ఓపెన్‌ఏఐ తన డిటెక్టర్‌ను సరిగా పట్టడం లేదని 2023 జులైలో తనే ఎత్తేసింది. అది ఇంగ్లిష్ కాని భాషల్లో ఇంకా బలహీనమని ముందే చెప్పింది. తెలుగు మీద అలాంటిదాన్ని వదిలితే నిజాయితీగా రాసే చిన్న సైట్లు బలైపోతాయి. చూడాల్సింది వాక్యాల తీరు కాదు. రోజుకు ఎన్ని పేజీలు, ఎంతమంది చేత, ఏ మూలంతో, ఏ ఖాతా కోసం అన్నవి చూడాలి.

మేం కోరుతున్నవి

సెర్చ్ సంస్థలను: తేదీ, మోతాదు, ఫీజు, హెల్ప్‌లైన్ నంబరు అడిగిన ప్రశ్నలకు అధికారిక మూలం దొరికితేనే ఏఐ సారాంశం చూపండి. దొరక్కపోతే ‘అధికారిక ప్రకటన కనపడలేదు’ అని చెప్పండి, లేదా సారాంశమే పెట్టకండి. ఒకే పేజీ నుంచి పుట్టిన తిరగరాతలను ఒక్క సాక్ష్యంగా లెక్కించండి. సెర్చ్‌లో ఉంటూనే సారాంశానికి ‘వద్దు’ అనే వేరే మీట ఇవ్వండి. ప్రచురణకర్తల సరుకును ఇలా వాడుకోవడంపై యూరోపియన్ కమిషన్ 2025 డిసెంబరులో గూగుల్ మీద విచారణ మొదలుపెట్టింది. ఇక్కడా విచారణ దాకా వచ్చేవరకు ఆగనక్కర్లేదు. తెలుగు చదవగలిగిన మనుషులతో ఫలితాలు తనిఖీ చేయించి, టోకు పేజీల నిబంధన కింద తెలుగులో ఎన్ని చర్యలు తీసుకున్నారో మూడు నెలలకోసారి ప్రకటించండి. ఫిర్యాదుకు ఒక నంబరు, 15 రోజుల్లో అవుననో కాదనో ఒక జవాబు ఇవ్వండి.

ప్రకటనల నెట్‌వర్క్‌లను: చర్య డొమైన్ మీద కాదు, ఖాతా మీద తీసుకోండి. ఒకే ఖాతా కింద కొత్త డొమైన్లు వరుసగా చేరుతూ, ఒక్కోదాంట్లో రోజుకు వందల పేజీలు పడుతుంటే మనిషి చూసేవరకు చెల్లింపు ఆపండి.

రాష్ట్ర ప్రభుత్వాలను, నియామక బోర్డులను: ప్రతి ప్రకటననూ స్కాన్‌తోపాటు యూనికోడ్ తెలుగులో మామూలు వెబ్ పేజీగా కూడా పెట్టండి. ఇంతకన్నా తేలికైన పని ఇంకొకటుంది. ప్రతి పరీక్షకూ మార్పులేని చిరునామాతో ఒక స్థితి పేజీ తెరిచి, చెప్పడానికి ఏమీ లేని రోజున కూడా ‘హాల్ టికెట్ల తేదీ ఇంకా ఖరారు కాలేదు’ అని ఆ రోజు తేదీతో రాయండి. ఫ్యాక్టరీలు బతికేది మీ మౌనం మీదే. టీఎస్ టీజీ అయినట్టు సంస్థ పేరు, వెబ్ చిరునామా మారినప్పుడు పాత చిరునామా నుంచి `301` దారి మళ్లింపు పెట్టండి. పెట్టకపోతే ఏళ్లుగా కూడిన లింకుల బలమంతా పోయి, కొత్త అధికారిక సైటు కూడా కొత్త దొంగ సైటుతో సమానంగా మొదలవుతుంది. వ్యవసాయ శాఖలు ఉపసంహరించిన సిఫార్సుల పాత పీడీఎఫ్‌లను తీసేయనక్కర్లేదు, మొదటి పుట మీద ‘ఇది చెల్లదు’ అని అక్షరాల్లో రాస్తే చాలు.

కేంద్ర ఐటీ మంత్రిత్వ శాఖను: 2026 ఫిబ్రవరిలో తెచ్చిన సవరణలు కృత్రిమ ఆడియో, దృశ్యాలకు లేబుల్ తప్పనిసరి చేశాయి. రాత వాటి పరిధిలోకి రాలేదు. రాతకూ లేబుల్ పెట్టమని మేం అడగడం లేదు, నిరూపించలేని లేబుల్ దొంగకు అడ్డం కాదు. ప్రకటనలతో ఆదాయం పొందే ప్రతి సమాచార సైటూ నిర్వాహకుడి పేరు, చిరునామా, తప్పులు దిద్దే మెయిల్ పెట్టి తీరాలన్న నియమం తెండి. ఆ మూడూ లేని సైటుకు ప్రకటనలిచ్చే నెట్‌వర్క్‌ను బాధ్యుణ్ని చేయండి.

మేం గమనించిన సైట్ల జాబితా, వాటి `ads.txt` నంబర్లు, సైట్‌మ్యాప్ నకళ్లు సిద్ధంగా ఉన్నాయి. తెలుగు ఫలితాలకు బాధ్యులైన అధికారి ఎవరో మీలో ప్రతి సంస్థా నెల రోజుల్లోగా ప్రకటిస్తే, ఆ అధికారికి వాటిని అందజేస్తాం. ప్రకటించకపోతే ఇవే వివరాలతో పోటీ కమిషన్‌ను ఆశ్రయిస్తాం.

ఇట్లు,
కొందరు తెలుగు వెబ్‌సైట్ల సంపాదకులు, సాంకేతిక సిబ్బంది